మెగావాట్లు, సీయూఎఫ్ నుంచి సోలార్, విండ్ ప్లాంటు ఏడాది ఉత్పత్తిని లెక్క కట్టడం: సమగ్ర మార్గదర్శి

50 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుందన్న ప్రశ్నకు ఒక్క గుణకారంతో జవాబు వస్తుంది. అయినా ఒకే ప్లాంటుకు ఇద్దరు లెక్క కడితే ఒకరికి 11.5 కోట్ల యూనిట్లు, ఇంకొకరికి 16 కోట్ల యూనిట్లు వస్తుంటాయి. ఇద్దరి గుణకారమూ సరిగ్గానే ఉంటుంది. మెగావాట్ల అంకెను ఒక కాగితం నుంచి, సీయూఎఫ్‌ను ఇంకో కాగితం నుంచి తెచ్చి, ఆ రెండూ ఒకదానికొకటి చెందినవేనా అని చూడకుండా కలపడం వల్ల వచ్చే తేడా అది. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ జత కుదర్చడానికే ఇచ్చాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. ప్లాంటు ఏడాదంతా, రాత్రీ పగలూ, పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఎంత కరెంటు వస్తుందో అందులో నిజంగా వచ్చింది ఎంత శాతమో చెప్పేది సామర్థ్య వినియోగ శాతం. సోలార్‌లో దీన్ని సీయూఎఫ్ అంటారు. విండ్‌లో పీఎల్ఎఫ్ అన్న మాట కూడా బాగా వినిపిస్తుంది. ఈ లెక్కకు రెండూ ఒకటే.

## 1. లెక్కకు ముందు చేతిలో ఉండాల్సినవి

కాలిక్యులేటర్ తీసే ముందు ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. ఏ ఒక్కటి తెలియకపోయినా వచ్చే అంకెను ఎవరికీ చెప్పకండి.

- సామర్థ్యం ఎన్ని మెగావాట్లు? అది ఏసీనా, డీసీనా?
- సీయూఎఫ్ ఎంత? దాన్ని ఏ సామర్థ్యం మీద కట్టారు?
- ఏ మీటరు దగ్గరి కరెంటు కావాలి? ఇన్వర్టర్ దగ్గరా, ప్లాంటు కరెంటంతా ఒకచోట చేరే పూలింగ్ సబ్‌స్టేషన్ దగ్గరా, డిస్కంకు బిల్లు వేసే గ్రిడ్ సబ్‌స్టేషన్ మీటరు దగ్గరా?
- ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరా, ఏప్రిల్ నుంచి మార్చా? అందులో ప్లాంటు మొత్తం మొదటి రోజు నుంచీ నడిచిందా?

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఇన్వర్టర్ దగ్గర కనిపించిన కరెంటంతా బిల్లులోకి రాదు. ట్రాన్స్‌ఫార్మర్లలో, లోపలి కేబుళ్లలో, సబ్‌స్టేషన్‌కు వెళ్లే లైనులో కొంత పోతుంది. లైను పొడుగును బట్టి ఇది 2, 3 శాతం ఉండొచ్చు. డబ్బు వచ్చేది బిల్లు మీటరు అంకెకే కాబట్టి, వేరే కారణం లేకపోతే దాన్నే ఆధారం చేసుకోండి.

## 2. మూల సూత్రం, యూనిట్ల మార్పిడి

```
MWh = MW × 8760 × CUF
MU  = MWh ÷ 1000
```

365 రోజులను 24 గంటలతో గుణిస్తే 8760. ఒక మెగావాట్ అవర్ అంటే 1,000 యూనిట్లు. ఒక మిలియన్ యూనిట్లు అంటే 10 లక్షల యూనిట్లు, పది మిలియన్ యూనిట్లు అంటే కోటి.

నోటి లెక్కకు ఒక్క అంకె గుర్తుంటే చాలు. ఒక మెగావాట్‌కు, ఒక్కో శాతం సీయూఎఫ్‌కు, ఏడాదికి 87,600 యూనిట్లు. రాయలసీమలో గని, శకునాల దగ్గరున్న కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. అంటే అక్కడ సీయూఎఫ్ ఒక్క శాతం మారితే ఏడాది ఉత్పత్తి 8.76 కోట్ల యూనిట్లు మారుతుంది. 21 శాతం దగ్గర 183.96 కోట్ల యూనిట్లు వస్తే, 25 శాతం దగ్గర 219 కోట్లు వస్తాయి. సీయూఎఫ్‌ను ‘ఇరవై, ఇరవై అయిదు మధ్యలో’ అని ఉజ్జాయింపుగా వదిలేయకూడదని ఈ తేడానే చెబుతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు మూడు.

సోలార్ రాత్రి పనిచేయదు కదా అని 8760 బదులు 4380 వేయడం మొదటిది. రాత్రి గంటల్లో సున్నా ఉత్పత్తి ఉంటుందన్న విషయం సీయూఎఫ్‌లో ఇప్పటికే కలిసి ఉంది. మళ్లీ సగం చేస్తే రాత్రిని రెండుసార్లు తీసేసినట్టే. అలాగే గాలిమర రెక్కలు ఏడాదిలో 7,000 గంటలు తిరిగాయని 7,000తో గుణించకూడదు. ఆ గంటల్లో చాలా భాగం అది పూర్తి సామర్థ్యానికి దూరంగానే తిరుగుతుంది.

రెండోది ఎక్సెల్‌లో జరుగుతుంది. B2లో మెగావాట్లు, B3లో సీయూఎఫ్ ఉంటే, మిలియన్ యూనిట్లకు సూత్రం ఇది:

```
=B2*8760*B3/1000
```

B3లో 26.4% అని గుర్తుతో సహా కొట్టాలి, లేదా 0.264 అని రాయాలి. ఉత్త 26.4 కొడితే జవాబు వంద రెట్లవుతుంది. ఒక్క ప్లాంటు అయితే కంటికి తెలిసిపోతుంది. పది ప్లాంట్ల మొత్తం వేసినప్పుడు, వాటిలో ఒక చిన్న ప్లాంటు దగ్గర ఇలా జరిగితే వెంటనే దొరకదు.

మూడోది లీపు సంవత్సరం. ఫిబ్రవరి 29 ఉన్న ఏడాదికి 8784 గంటలు. తేడా 0.27 శాతమే కాబట్టి ముందస్తు అంచనాల్లో పట్టించుకోనక్కర్లేదు. కానీ మీటరు రీడింగు నుంచి వెనక్కి సీయూఎఫ్ కడుతున్నప్పుడు 8784తోనే భాగించండి. ఆర్థిక సంవత్సరం లెక్క వేసేవాళ్లు ఆ ఫిబ్రవరి ఏ ఏప్రిల్-మార్చిలో పడుతుందో చూసుకోవాలి. 2028 ఫిబ్రవరి 29 వచ్చేది 2027-28 లెక్కలోకి.

## 3. ఏ మెగావాట్? ఏసీ, డీసీ జత కుదర్చడం

సోలార్ ప్లాంటుకు రెండు సామర్థ్యాలుంటాయి. ప్యానెళ్ల వెనక రాసి ఉండే వాట్లన్నీ కలిపితే వచ్చేది డీసీ సామర్థ్యం. దీన్ని మెగావాట్ పీక్ అంటారు. ఇన్వర్టర్లు ఒకేసారి బయటికి ఇవ్వగలిగింది, లేదా ఒప్పందం ప్రకారం గ్రిడ్‌కు పంపగలిగింది ఏసీ సామర్థ్యం. 50 మెగావాట్ల ఏసీ ప్లాంటుకు 60, 65, 70 మెగావాట్ల ప్యానెళ్లు పెట్టడం మామూలే.

అదనంగా ఎందుకు పెడతారో తెలిస్తే లెక్క తేలికవుతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు, చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పుడు వచ్చేవి. రాయలసీమ వేసవి మధ్యాహ్నం సెల్ 60 డిగ్రీలకు చేరుతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం తగ్గుతుందనుకుంటే అక్కడే 12 శాతం పోయింది. దుమ్ము, వైర్లు ఇంకొంత తింటాయి. అందుకని 50 మెగావాట్ల ప్యానెళ్లకు 50 మెగావాట్ల ఇన్వర్టర్లే పెడితే ఆ ఇన్వర్టర్లు ఏడాదిలో దాదాపు ఎప్పుడూ నిండవు. ప్యానెళ్లు ఎక్కువ పెడితే ఉదయం త్వరగా నిండి, సాయంత్రం ఎక్కువసేపు నిండుగా ఉంటాయి. మంచి ఎండ, చల్లగాలి కలిసిన కొన్ని మధ్యాహ్నాల్లో ఇన్వర్టర్ పరిమితికి మించిన కరెంటు వృథా అవుతుంది. దాన్ని క్లిప్పింగ్ అంటారు.

ఇప్పుడు అసలు విషయం. మీటరు చూపించే యూనిట్లు ఎటు నుంచి చూసినా అవే. వాటిని 50తో భాగిస్తే ఒక సీయూఎఫ్, 70తో భాగిస్తే ఇంకో సీయూఎఫ్ వస్తుంది.

```
CUF(AC) = CUF(DC) × (DC MW ÷ AC MW)
```

ఏసీ సీయూఎఫ్‌ను ఏసీ మెగావాట్లతో, డీసీ సీయూఎఫ్‌ను డీసీ మెగావాట్లతో మాత్రమే గుణించాలి. రెంటినీ అడ్డంగా కలిపితే తప్పు కొద్దిగా ఉండదు. డీసీ, ఏసీ నిష్పత్తి 1.4 అయితే, అంచనా 40 శాతం పెరిగిపోతుంది, లేదా 29 శాతం పడిపోతుంది.

కాగితంలో ఏసీనా డీసీనా రాయకపోతే ఇలా పట్టుకోండి.

- విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో కనిపించే మెగావాట్లు, సీయూఎఫ్ సాధారణంగా ఏసీవి.
- ప్యానెళ్ల కొనుగోలు ఆర్డరులో, ఇంటిపైకప్పు సిస్టమ్‌లలో కనిపించేవి సాధారణంగా డీసీవి.
- ‘ఒక కిలోవాట్‌కు ఏడాదికి ఇన్ని యూనిట్లు’ అని `kWh/kWp` రూపంలో ఉంటే అది డీసీ లెక్క. చివరి p అక్షరమే గుర్తు.
- పీవీసిస్ట్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే రిపోర్టులో గ్రిడ్‌కు వెళ్లిన కరెంటు `E_Grid` దగ్గర ఉంటుంది. ఆ మెగావాట్ అవర్ల అంకె దొరికితే దాన్నే వాడండి, శాతంతో పనే లేదు.

ఇంకో గట్టి పరీక్ష ఉంది. స్థిరంగా ఒకే వాలులో బిగించిన ప్యానెళ్ల మీద రోజుకు సగటున 5.65 గంటల నిండు ఎండకు సమానమైన ఎండ పడుతుందనుకోండి. ఒక్క నష్టం కూడా లేకపోయినా డీసీ సీయూఎఫ్ 5.65 ÷ 24, అంటే 23.5 శాతం దాటదు. వేడి, దుమ్ము, వైర్లు అన్నీ కలిపి ఐదో వంతు పోతే 18.8 శాతం దగ్గర ఆగుతుంది. కాబట్టి అలాంటి చోట, ట్రాకర్లు లేని ప్లాంటుకు ఎవరైనా 26 శాతం అని రాస్తే అది ఏసీ సీయూఎఫ్. దాన్ని డీసీ మెగావాట్లతో గుణించకండి. ప్యానెళ్లు సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్ ప్లాంట్లలో, రెండు వైపులా వెలుతురు తీసుకునే బైఫేషియల్ ప్యానెళ్లలో డీసీ అంకె ఇంకాస్త పైన ఉంటుంది. వాటికి ఈ హద్దును విడిగా కట్టుకోవాలి.

## 4. సీయూఎఫ్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

నమ్మకాన్ని బట్టి వరుస ఇది. పైది దొరికితే కిందిదానికి వెళ్లొద్దు.

మొదటిది, అదే ప్లాంటు మూడేళ్లు, అంతకంటే ఎక్కువ కాలం బిల్లు మీటరు రీడింగులు. ఒక్క ఏడాది అంకె చాలదు. వర్షాకాలం మబ్బులు, గాలి తీరు ఏటా మారతాయి.

రెండోది, ఆ స్థలానికి, ఆ ప్యానెళ్లకు చేసిన సిమ్యులేషన్ రిపోర్టు. ఏ నష్టాలు అందులో కలిపారో చదవండి. ప్యానెల్ తొలి ఏడాది తరుగు, ట్రాన్స్‌ఫార్మర్, లైను నష్టం, ప్లాంటు ఆగిపోయే రోజులు, ఈ నాలుగూ ఉన్నాయా లేవా అని చూస్తే చాలు. ఉన్నవాటిని మళ్లీ తీసేయొద్దు.

మూడోది, ప్లాంటు ఇంకా కట్టనప్పుడు గ్లోబల్ సోలార్ అట్లాస్ వెబ్‌సైట్ మ్యాపులో ఆ ఊరి మీద నొక్కితే కనిపించే `PVOUT` విలువ. ఇది కిలోవాట్ పీక్‌కు యూనిట్లు కాబట్టి 8760తో భాగిస్తే డీసీ సీయూఎఫ్ వస్తుంది. పూలింగ్ సబ్‌స్టేషన్ తర్వాతి లైను నష్టం, ప్లాంటు ఆగిపోయే సమయం మీరే తీసేయాలి.

చివరిది, నియంత్రణ మండలి ప్రమాణం. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2020 నిబంధనల్లో సోలార్ పీవీకి కనీస సీయూఎఫ్‌ను 21 శాతంగా పెట్టింది. అది టారిఫ్ కట్టడానికి పెట్టుకున్న అంకె. ఫలానా ఊళ్లో ఫలానా ప్లాంటు ఎంత ఇస్తుందో చెప్పడానికి కాదు. కాగితం మీద తొలి అంచనా వేసుకోవడానికి పనికొస్తుంది, బ్యాంకుకు ఇచ్చే లెక్కలో పెట్టకూడదు.

పక్క ప్లాంటు అంకెను తెచ్చుకోవడం ఈ వరుసలో లేకపోవడం గమనించే ఉంటారు. పక్కవాళ్ల డీసీ, ఏసీ నిష్పత్తి, ట్రాకర్లు, ప్యానెల్ రకం మీవాటిలాగే ఉంటే తప్ప ఆ అంకె మీది కాదు.

## 5. పూర్తి లెక్క: 50 మెగావాట్ల ఏసీ సోలార్ ప్లాంటు

రాయలసీమలో ఒక ప్లాంటు ఉందనుకుందాం. ఏసీ 50 మెగావాట్లు, ప్యానెళ్లు 70 మెగావాట్ పీక్, స్థిర వాలు. రిపోర్టు ప్రకారం, క్లిప్పింగ్, తొలి ఏడాది తరుగు, లైను నష్టం అన్నీ పోగా, బిల్లు మీటరు దగ్గర కిలోవాట్ పీక్‌కు 1,650 యూనిట్లు.

అడుగు 1. ముందు యూనిట్లు తేల్చండి. 70,000 కిలోవాట్లు × 1,650 = 11.55 కోట్ల యూనిట్లు, అంటే 115.5 మిలియన్ యూనిట్లు.

అడుగు 2. డీసీ సీయూఎఫ్. 1,650 ÷ 8,760 = 18.8 శాతం.

అడుగు 3. ఏసీ సీయూఎఫ్. 18.84 × 70 ÷ 50 = 26.4 శాతం.

అడుగు 4. వెనక్కి సరిచూడండి. 50 × 8,760 × 0.264 = 1,15,632 మెగావాట్ అవర్లు. 115.6 మిలియన్ యూనిట్లు. 0.1 తేడా దశాంశం సవరించడం వల్ల వచ్చింది.

అడుగు 5. రోజు సగటు చూడండి. 115.5 మిలియన్‌ను 365తో భాగిస్తే రోజుకు సుమారు 3.16 లక్షల యూనిట్లు. ఒక కిలోవాట్ పీక్‌కు 4.52 యూనిట్లు. ఇంటిపైకప్పు మీద ఒక కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనే వాడుక లెక్కకు దగ్గరగా ఉంది కాబట్టి నమ్మొచ్చు.

ఇదే ప్లాంటుకు జత తప్పితే ఏమవుతుందో చూడండి. 26.4 శాతాన్ని 70 మెగావాట్లతో గుణిస్తే 161.9 మిలియన్ యూనిట్లు. ఎప్పటికీ రాని 46 మిలియన్ యూనిట్లు కాగితం మీద పుట్టాయి. 18.8 శాతాన్ని 50తో గుణిస్తే 82.3 మిలియన్ యూనిట్లే, అంటే లాభం ఉన్న ప్లాంటు నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి తప్పు చేసిన అంచనాకు రోజు పరీక్ష పెడితే కిలోవాట్ పీక్‌కు రోజుకు 6.3 యూనిట్లు వస్తాయి. మూడో భాగంలో అనుకున్నట్టు అక్కడ పడే మొత్తం ఎండే రోజుకు 5.65 గంటలు. అసాధ్యమని అక్కడికక్కడే తేలిపోతుంది.

## 6. విండ్‌కు వేరుగా చేయాల్సినవి

గాలిమరల్లో ఏసీ, డీసీ గొడవ లేదు. మెగావాట్లు అంటే జనరేటర్ రేటింగ్, దాన్ని గాలిమరల సంఖ్యతో గుణించడమే. ఇక్కడ తప్పు దొర్లేది స్థూల, నికర సీయూఎఫ్‌ల మధ్య.

గాలి వేగం లెక్కను, ఏ వేగానికి గాలిమర ఎంత కరెంటు ఇస్తుందో చూపే పవర్ కర్వ్‌లో వేస్తే వచ్చేది స్థూల ఉత్పత్తి. అందులోంచి నాలుగు నష్టాలు పోవాలి. ముందు గాలిమర వెనకవాటికి గాలిని తగ్గించడం, మరమ్మతుల కోసం ఆగడం, కేబుళ్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్లలోనూ పోయేది, మిగతా చిన్నచిన్నవి. వీటిని కూడి ఒకేసారి తీసేయకుండా, మిగిలిన శాతాలను గుణించాలి. ఎందుకంటే ప్రతి నష్టమూ అంతకు ముందు నష్టం పోగా మిగిలినదాని మీదే పడుతుంది.

2.1 మెగావాట్ల గాలిమరలు 48 ఉన్నాయనుకుందాం. మొత్తం 100.8 మెగావాట్లు. స్థూల సీయూఎఫ్ 36 శాతం. నష్టాలు వరుసగా 8, 4, 3, 2 శాతం.

1. స్థూల ఉత్పత్తి: 100.8 × 8,760 × 0.36 = 317.9 మిలియన్ యూనిట్లు.
2. మిగిలేది: 0.92 × 0.96 × 0.97 × 0.98 = 0.84.
3. నికర ఉత్పత్తి: సుమారు 266.9 మిలియన్ యూనిట్లు.
4. నికర సీయూఎఫ్: 30.2 శాతం.

చేతికి వచ్చిన అంకె స్థూలమా నికరమా తెలియకుండా ఈ గుణకారం మొదలుపెట్టొద్దు. నికరానికి మళ్లీ నష్టాలు వేస్తే 43 మిలియన్ యూనిట్లు ఊరికే పోతాయి.

పవర్ కర్వ్‌ను ఏ గాలి సాంద్రతకు ఇచ్చారో కూడా చూడండి. కంపెనీ కాగితంలో సాధారణంగా ఘనపు మీటరుకు 1.225 కిలోలు ఉంటుంది. అనంతపురం వైపు ఎత్తు, వేడి వల్ల గాలిమర ఎత్తులో అది 1.1 దగ్గర ఉంటుంది. పల్చని గాలి రెక్కలను తక్కువ బలంతో తోస్తుంది. ఈ దిద్దుబాటు లేని అంచనా కొన్ని శాతాలు ఎక్కువగానే ఉంటుంది.

పాత ప్లాంటు సీయూఎఫ్‌ను కొత్తదానికి వాడకపోవడానికి కారణం రెక్కలు తిరిగే వలయం, అంటే రోటరు వెడల్పులో ఉంది. 80 మీటర్ల రోటరున్న 2 మెగావాట్ల గాలిమరకు కిలోవాట్‌కు 2.5 చదరపు మీటర్ల గాలి దొరుకుతుంది. 144 మీటర్ల రోటరున్న 3 మెగావాట్ల గాలిమరకు 5.4 చదరపు మీటర్లు. ఒకే కొండ మీద, ఒకే గాలిలో రెండోదాని సీయూఎఫ్ చాలా పైన ఉంటుంది. తక్కువ గాలిలోనే అది పూర్తి సామర్థ్యానికి చేరుకుంటుంది కాబట్టి.

## 7. కొంత భాగమే, కొన్ని నెలలే నడిచినప్పుడు

50 మెగావాట్లలో 20 మెగావాట్లు ఏప్రిల్ 1న, మిగతా 30 మెగావాట్లు అక్టోబర్ 1న మొదలయ్యాయనుకోండి. ఆ ఆర్థిక సంవత్సరానికి 50 వేయకూడదు. రోజులతో తూకం వేయాలి.

- 20 × 365 = 7,300
- 30 × 182 = 5,460
- మొత్తం 12,760 ÷ 365 = 34.96 మెగావాట్లు

ఈ 34.96ను సూత్రంలో పెడితే సోలార్‌కు ఫర్వాలేదనిపించే అంచనా వస్తుంది. విండ్‌కు మాత్రం ఇది చాలా తప్పుతుంది. రాయలసీమలో గాలి బలమంతా నైరుతి రుతుపవనాల కాలంలో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. అక్టోబర్‌లో మొదలైన 30 మెగావాట్లకు ఆ కాలమంతా పోయింది. అందుకని విండ్‌కు నెలవారీ సీయూఎఫ్‌లు తీసుకుని, ఏ నెలలో ఎన్ని మెగావాట్లు నడిచాయో వాటితో గుణించి, ఆ నెల గంటలు వేసి, పన్నెండు నెలలూ కూడాలి. జులైలో వచ్చిన యూనిట్లను 12తో గుణించి ఏడాది అంకె చెప్పడం కూడా ఇదే రకం తప్పు.

## 8. తర్వాతి ఏళ్లు, బ్యాంకు అడిగే అంకె

ప్యానెళ్లు ఏటా కొద్దిగా అరిగిపోతాయి. ఏడాదికి 0.5 శాతం అనుకుంటే మన 50 మెగావాట్ల ప్లాంటు మొదటి ఏడాది 115.5, పదో ఏడాది 110.4, ఇరవై అయిదో ఏడాది 102.4 మిలియన్ యూనిట్లు ఇస్తుంది.

```
=115.5*(1-0.005)^(n-1)
```

n చోట ఎన్నో ఏడాదో ఆ అంకె వేయాలి. 25 ఏళ్ల సగటు 108.8 మిలియన్ యూనిట్లు. మొదటి ఏడాది అంకెను 25తో గుణించే అలవాటు ఉంటే, దాదాపు 6 శాతం ఎక్కువ చెబుతున్నట్టే. ప్యానెళ్లు బాగా ఎక్కువ పెట్టిన ప్లాంటులో తొలి ఏళ్లలో తరుగు మీటరులో ఇంత స్పష్టంగా కనిపించదు. మధ్యాహ్నం ఎలాగూ వృథా అయ్యే కరెంటులోంచే కొంత తగ్గుతుంది. దాన్ని చూసి ప్యానెళ్లు అరగడం లేదని అనుకోవద్దు.

బ్యాంకులు పీ50, పీ90 అని అడుగుతాయి. పీ50 అంటే సగం ఏళ్లలో దాటే అంకె, సగం ఏళ్లలో అందుకోలేని అంకె. పదిలో తొమ్మిది ఏళ్లలో దాటే అంకె పీ90. అనిశ్చితి శాతం రిపోర్టులో ఉంటే లెక్క సులువే: అనిశ్చితిని 1.28తో గుణించి పీ50 నుంచి తగ్గించడం. మన గాలిమరల ప్లాంటుకు అనిశ్చితి 10 శాతం అయితే, 266.9 × (1 − 0.128) = 232.7 మిలియన్ యూనిట్లు. అప్పు వాయిదా ఈ రెండో అంకెతో కట్టగలమా అని చూసుకోవాలి. పీ90ను సీయూఎఫ్‌గా రాసి, మళ్లీ ‘జాగ్రత్త కోసం’ ఇంకో పది శాతం తీసేస్తే మంచి ప్లాంటు కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది.

## 9. వచ్చిన అంకెను సరిచూసే జాబితా

- ఏసీ మెగావాట్‌తో ఏసీ సీయూఎఫ్, డీసీతో డీసీ జత కుదిరిందా?
- 8760 వేశానా? రాత్రిని రెండోసారి తీసేయలేదు కదా?
- సీయూఎఫ్ నికరమే అయితే నష్టాలను మళ్లీ తీసేయలేదు కదా?
- సోలార్‌కు కిలోవాట్ పీక్‌కు రోజు సగటు, అక్కడి ఎండ గంటలకంటే తక్కువగానే ఉందా?
- మెగావాట్ × శాతం × 87,600 నోటి లెక్కతో సరిపోయిందా?
- ఏడాది మొదటి రోజు నుంచీ మొత్తం సామర్థ్యం ఉందా?

అన్నీ సరిపోయినా ఏడాది చివర మీటరు తక్కువ చూపిస్తే, సీయూఎఫ్ తప్పని వెంటనే అనుకోకండి. ముందు ఆ ఏడాది ఎండ లేదా గాలి కొలతను రిపోర్టులోని అంకెతో పోల్చండి. ఉత్పత్తి 5 శాతం తగ్గి, ఎండ కొలత కూడా 4 శాతం తగ్గి ఉంటే, ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం ప్లాంటుది కాదు, మబ్బులది. ఎండ సరిగ్గానే ఉండి ఉత్పత్తి తగ్గితే ఇన్వర్టర్లు ఆగిన గంటలు, గ్రిడ్ వాళ్లు తగ్గించమన్న గంటలు లాగ్ పుస్తకంలోంచి తీసి, వాటి యూనిట్లను విడిగా కట్టండి. వాటిని కలిపాక కూడా లోటు మిగిలితే చూడాల్సింది దుమ్మును, ప్యానెళ్లను. కడగక ముందు రోజు, కడిగిన మర్నాడు ఒకే ఎండలో వచ్చిన యూనిట్లను పోల్చితే, దుమ్ము వాటా ఎంతో తేలుతుంది.